శాతం దేనిలో? జవాబు పత్రంతో పాటు ఒక గమనిక

ఎనిమిదో తరగతి పిల్లలకూ, ఇంట్లో వాళ్ల లెక్కలు చూసే పెద్దలకూ.

శాతాల వర్క్‌షీట్‌కు జవాబులు దీనితో పంపుతున్నాను. మీరు ఫోన్‌లో తీసి పంపిన ఫొటోలు చూశాను. చాలా ఫొటోల్లో పేజీ అంచు తెగిపోయింది. చిత్తు లెక్క పోయి జవాబు ఒక్కటే మిగిలింది. అయినా ఎవరు ఎక్కడ పొరపడ్డారో తెలుస్తూనే ఉంది. ఒక్కో పొరపాటు ఒక్కో అంకెను తెచ్చిపెడుతుంది మరి.

మొదటి ప్రశ్న పత్తిది. 2025-26కు పొడవు పింజ పత్తి కనీస మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం లోపు ఉంటే ఈ ధర పూర్తిగా వస్తుంది. ఆపైన తేమ ఒక్కో శాతం పెరిగినకొద్దీ సీసీఐ (భారత పత్తి సంస్థ) ధరలో ఒక్కో శాతం తగ్గిస్తుంది. 12 శాతం దాటితే కొనదు. ఒక రైతు పత్తి 9 క్వింటాళ్ల 5 కిలోలు తూగింది. తేమ 10 శాతం ఉంది. ఎంత డబ్బు వస్తుంది?

క్వింటా ధర 7,299 అని కొందరు రాశారు. వాళ్లు 8,110లో 10 శాతం కోసేశారు. మీటరు చూపిన అంకెనే కోత అనుకున్నారు. కోత పడేది హద్దు దాటిన తేమకే. 10లో 8 తీస్తే 2. 8,110లో 2 శాతం అంటే 162 రూపాయల 20 పైసలు. అది తీసేస్తే క్వింటా ధర 7,947.80.

ధర సరిగ్గా కట్టినవాళ్లలోనూ కొందరి మొత్తం 75,504.10 అయింది. ఇక్కడ తప్పు శాతంలో లేదు, తూకంలో ఉంది. 9 క్వింటాళ్ల 5 కిలోలను 9.5 అని రాశారు. క్వింటాకు వంద కిలోలు కాబట్టి 5 కిలోలంటే 0.05 క్వింటా. 9.5 అంటే 9 క్వింటాళ్ల 50 కిలోలు. లేని 45 కిలోలు లెక్కలోకి వచ్చి 3,576 రూపాయల 51 పైసలు ఎక్కువ చూపాయి. సరైన జవాబు 71,927.59. అనుమానం వస్తే తూకమంతా కిలోల్లోకి మార్చండి. 905 కిలోలు, కిలో 79.478 రూపాయలు. అప్పుడు తూకంలో బిందువు గొడవే ఉండదు. ఫొటోలో నీడ పడితే మొదట మాయమయ్యేది ఆ బిందువే.

రెండో ప్రశ్న మిరపది. ఎక్కువమంది తప్పింది ఇందులోనే. వంద కిలోల పండు మిరపకాయల్లో తేమ 75 శాతం. కల్లంలో ఆరబోస్తే తేమ 10 శాతానికి దిగింది. ఇప్పుడు బరువెంత?

చాలామంది 35 కిలోలు అన్నారు. 75లో 10 పోతే 65, వందలో 65 పోతే 35. చూడటానికి సాఫీగానే ఉంది. కానీ ఆ 75 శాతం పచ్చి కాయల బరువులోది. ఆ 10 శాతం ఎండు కాయల బరువులోది. రెండు వేర్వేరు బరువుల శాతాలను ఒకదాంట్లోంచి ఒకటి తీసివేయకూడదు.

ఇలాంటప్పుడు మారనిదాన్ని పట్టుకోండి. ఎండకు నీరు పోతుంది. తోలు, గింజ, తొడిమ అలాగే ఉంటాయి. వంద కిలోల్లో 75 కిలోలు నీరైతే మిగతా పదార్థం 25 కిలోలు. ఎండాక తేమ 10 శాతం కాబట్టి, ఆ 25 కిలోలు కొత్త బరువులో 90 శాతం. 25ను 90తో భాగించి వందతో గుణిస్తే 27.78 కిలోలు.

జవాబు సరో కాదో మీరే చూసుకోవచ్చు. 35 కిలోల్లో పదార్థం 25 పోతే నీరు 10 కిలోలు. 35లో 10 అంటే దాదాపు 28.6 శాతం. అంటే కాయ ఇంకా ఆరలేదన్నమాట. 27.78లో 25 పోతే నీరు 2.78 కిలోలు. సరిగ్గా పదో వంతు.

ఒక్క మాట. పోయింది నీరు ఒక్కటే అనుకుని వేసిన లెక్క ఇది. కల్లంలో తాలు కాయలు ఏరేస్తారు, కొన్ని తొడిమలు రాలిపోతాయి. అమ్మకానికి వెళ్లే బరువు అంతకంటే తక్కువే ఉంటుంది.

రేపటికి రెండో ప్రశ్ననే మళ్లీ చేయండి. ఈసారి తేమ 12 శాతం దగ్గర ఆపండి. జవాబు 27.78 కంటే ఎక్కువ రావాలా, తక్కువ రావాలా? లెక్క వేయకముందే అది ఒక వాక్యంలో రాయండి. కాగితాన్ని వెలుతురులో పరిచి, చిత్తు లెక్కతో సహా నాలుగు అంచులూ కనిపించేలా ఫొటో తీయండి.