తలంబ్రాలకు చేతులు లేవాలి

రాత్రి తొమ్మిదిన్నరకు టైలరు షట్టరు దించబోతుంటే పెళ్లికూతురి తల్లి ఆటో దిగింది. "మాస్టారూ, తెల్లవారితే ముహూర్తం. హుక్కులు పెట్టడానికి రావట్లేదు" అంటూ సంచిలోంచి పట్టు జాకెట్టు తీసింది. మగ్గం వర్కు చేయించిన చోటే కుట్టించారట. పెళ్లికూతుర్ని చేశాక గడప దాటించరు కదా, అందుకని టైలరు భార్యే టేపు పట్టుకుని వాళ్లింటికి వెళ్లి కొలిచి ఫోన్ చేసింది. ఛాతీ 36. జాకెట్టు చూస్తే 34.

ఈ కథలో టైలరు వెంటనే కత్తెర పట్టుకోడు. ముందు జాకెట్టు తిరగేసి, పక్క కుట్ల లోపల గుడ్డ ఎంత వదిలారో చూస్తాడు. అక్కడ అంగుళం ఉంటే బతికినట్టే. ముందు భాగాలకు రెండు వైపులా, వెనక భాగానికి రెండు వైపులా అరంగుళం చొప్పున వదులు చేస్తే మొత్తం రెండంగుళాలు వస్తాయి. అసలు గుడ్డే వదలకపోతే చీరలోంచి వచ్చిన జాకెట్టు ముక్కలో మిగిలింది వెతకాలి.

పొరపాటు ఎక్కడ జరిగింది? ఆది జాకెట్టు దగ్గర. అది ఉతికి ఉతికి మెత్తబడిన నూలుది, ఒంటితోపాటు సాగుతుంది. లైనింగు వేసి, పూసలు, జర్దోసీ కుట్టిన పట్టు మాత్రం దారమంత కూడా సాగదు. అదే కొలతకు కుడితే బిగుసుకుంటుంది.

ఛాతీ సరిపోయినా చేతుల సంగతి ఉంది. చేతి కుట్టు కూడా విప్పాలి, కానీ వర్కు ఆ కుట్టు దాకా ఉంది. పూసల మీద మిషను సూది పడితే విరుగుతుంది. అందుకని అంచున ఉన్న పూసలు నాలుగైదు తీసేసి, తెగిన దారాన్ని వెనకవైపు ముడి వేశాడు. మగ్గం పని గొలుసుకుట్టు కాబట్టి కొస వదిలేస్తే వరసంతా ఊడి వస్తుంది. చంక కింద, పక్క కుట్టూ చేతి కుట్టూ కలిసే చోట, మిగిలిన పట్టులోంచి ఐమూలగా కత్తిరించిన చిన్న ముక్క అతికాడు. ఐమూల గుడ్డ కాస్త సాగుతుంది, చెయ్యి ఎత్తితే పట్టేయదు. పాత కుట్ల చిల్లులు పట్టు మీద మిగిలాయి. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసినా పూర్తిగా పోలేదు. చంక కింద కాబట్టి ఎవరికీ కనబడవని వదిలేశాడు. నాకైతే అదే సరైన పని అనిపిస్తుంది.

అర్ధరాత్రి దాటాక జాకెట్టు పంపుతూ భార్యతో ఒకటే మాట చెప్పాడు: "హుక్కులు పెట్టాక చేతులు రెండూ తలమీదికి ఎత్తమను."

మీ ఇంట్లో పెళ్లి ఉంటే ఆది జాకెట్టు ఇచ్చి ఊరుకోకండి, ఒంటి మీద కొలత తీయించండి. లోపల అంగుళం గుడ్డ వదలమని ముందే చెప్పండి. కనీసం వారం ముందు తొడిగి, తలంబ్రాలు పోసినట్టు చేతులెత్తి చూసుకోండి.