పన్నెండు నరాల రాకపోకలు

నలభై ఏళ్ల మనిషి ఒకాయన. పొద్దున్నే పళ్లు తోముకుని పుక్కిలించబోతే నీళ్లు నోటి ఎడమ మూల నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి కుడివైపుకి లాగేసి ఉంది. ఎడమ కన్ను ఎంత మూసినా మూతపడటం లేదు. ఇంట్లోవాళ్లు పక్షవాతం అని హడలిపోయి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ డాక్టరమ్మ అన్నిటికన్నా ముందు అడిగింది ఇది: "కనుబొమలు పైకెత్తండి."

కుడి నుదుటి మీద ముడతలు పడ్డాయి. ఎడమ నుదురు నున్నగా ఉండిపోయింది. చేతులూ కాళ్లూ మాటా బాగానే ఉన్నాయి. "ఇది మెదడులో వచ్చిన పక్షవాతంలా లేదు. ఏడో నరం దెబ్బతింది" అందామె.

ఏడో నరం అంటే ఏమిటో తెలియాలంటే మిగతా పదకొండింటితో కలిపి చూడాలి. మెదడు అడుగు నుంచి నేరుగా బయలుదేరే నరాలు పన్నెండు జతలు. వెన్నుపాము దారి పట్టకుండా పుర్రెలోని రంధ్రాల గుండా బయటికి వస్తాయి కాబట్టి వీటిని కపాల నాడులు అంటారు. ప్రాచీన వైద్యుడు గాలెన్ ఏడు జతలే లెక్కపెట్టాడు. ఇప్పటి పన్నెండు లెక్క 1778లో జర్మన్ శాస్త్రవేత్త సోమరింగ్ తేల్చింది. అంకెలు ముందు నుంచి వెనక్కి నడుస్తాయి.

వైద్య విద్యార్థులు వీటిని ఇంగ్లిష్ వాక్యాలతో బట్టీ పడతారు. నాకు మాత్రం తెలుగులోనే ఒక మంచి మాట దొరికింది: రాకపోకలు. మెదడుకి కబురు మోసుకొచ్చే పోగులు ఉన్న నరం "రాక". కండరాలకి ఆజ్ఞ మోసుకెళ్లేది "పోక". రెండూ ఉంటే "రాకపోక". ఒకటి నుంచి పన్నెండు దాకా వరసగా చదవండి: రాక, రాక, పోక, పోక, రాకపోక, పోక, రాకపోక, రాక, రాకపోక, రాకపోక, పోక, పోక. నాలుగుసార్లు పైకి చదివితే నోటికి పట్టేస్తుంది. ఛందస్సు నేర్చినవాళ్లు "యమాతారాజభానసలగం" పట్టినట్టే.

ఇక దారులు. పుర్రె పైకప్పు తీసి లోపలికి చూస్తే అడుగు సమతలంగా ఉండదు. చెరువు గట్టు మెట్లలా ముందు ఎత్తుగా, మధ్యలో కొంచెం కిందికి, వెనక బాగా లోతుగా మూడు మెట్లుంటాయి. ముందు మెట్టు నుంచి బయటపడేది ఒకే ఒక్క నరం, మధ్య మెట్టు నుంచి అయిదు, వెనక మెట్టు నుంచి ఆరు. ఒకటి, అయిదు, ఆరు కలిపితే పన్నెండు. వరస కూడా తప్పదు.

ముందు మెట్టు మీది ఒకటో నరం వాసనది. ముక్కు పైన జల్లెడలాంటి పల్చటి ఎముక ఉంది. దాని చిల్లుల్లోంచి సన్నని పోగులు పైకి వస్తాయి. తల గట్టిగా గోడకి కొట్టుకున్నప్పుడు కొందరికి వాసన పోవడానికి కారణం ఆ పోగులు అక్కడ తెగిపోవడమే.

మధ్య మెట్టు మీద కంటి వ్యవహారం ఎక్కువ. చూపుకి సంబంధించిన రెండో నరానికి సొంత సొరంగం ఉంది. కంటిగుడ్డును తిప్పే మూడు, నాలుగు, ఆరు మాత్రం కంటి గుంట వెనకున్న ఒకే సందులోంచి వెళతాయి. నాలుగోది దెబ్బతింటే మెట్లు దిగేటప్పుడు ఒక మెట్టు రెండుగా కనిపిస్తుంది. అయిదోది ముఖం మీది స్పర్శ మోసే నరం. ఇది మూడు కొమ్మలుగా చీలుతుంది. నుదుటి కొమ్మ ఆ సందులోంచే పోతుంది, చెంప కొమ్మ గుండ్రటి రంధ్రంలోంచి, దవడ కొమ్మ గుడ్డు ఆకారపు రంధ్రంలోంచి. "సందు, గుండు, గుడ్డు" అనుకుంటే ముగిసింది. ఆ మూడో కొమ్మతోనే నమిలే కండరాలకి ఆజ్ఞ కూడా వెళుతుంది కాబట్టి అయిదోది రాకపోక.

వెనక మెట్టులో రెండు, మూడు, ఒకటి. ముఖాన్ని కదిలించే ఏడూ, వినికిడీ తూకమూ చూసే ఎనిమిదీ కలిసి చెవి ఎముకలోకి దూరతాయి. గొంతుకి వెళ్లే తొమ్మిది, గుండె మీదుగా పొట్ట దాకా తిరిగే పది, భుజాలు ఎగరేయించే పదకొండు కలిసి మెడ సిర దిగే పెద్ద రంధ్రంలోంచి పోతాయి. నాలుకను తిప్పే పన్నెండోదానికి ప్రత్యేకంగా ఒక దారి ఉంది. పదకొండోది కొంచెం పెంకి నరం. మెడ దగ్గర పుట్టి పుర్రెలోకి ఎక్కి మళ్లీ బయటికి దిగుతుంది.

మన రోగి దగ్గరికి వద్దాం. ఏడో నరం చెవి ఎముకలోకి దూరాక సుమారు 3 సెంటీమీటర్ల మెలికల గొట్టంలో నడిచి, చెవి తమ్మె వెనక కింద ఉన్న చిన్న రంధ్రంలోంచి బయటికి వస్తుంది. గొట్టంలో ఒకచోట వెడల్పు మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే నరం వాచిందంటే ఎముక గోడల మధ్య నలిగిపోతుంది. బెల్స్ పాల్సీ అనే ఈ జబ్బుకి మూలం ఇక్కడే.

నడిచే దారిలో ఏడోది మూడు కొమ్మలు వదులుతుంది. మొదటిది కన్నీటికి, రెండోది పెద్ద శబ్దాల్ని తగ్గించే చెవిలోని చిన్న కండరానికి, మూడోది నాలుక ముందు భాగపు రుచికి. కన్నీరు వంటి అసంకల్పిత పనులు చేయించే పోగులు మూడు, ఏడు, తొమ్మిది, పది నరాల్లో ఉంటాయి. పది నుంచి వెనక్కి రాసి సున్నా తీసేస్తే 1973.

డాక్టరమ్మ అడిగింది. కుక్కరు విజిల్ ఎడమ చెవికి భరించలేనంత గట్టిగా ఉందన్నాడు. నాలుక ఎడమ అంచున చక్కెర వేస్తే తీపి తెలియలేదు. కన్నీరు మాత్రం ఉంది. అంటే దెబ్బ మొదటి కొమ్మకి దిగువన, రెండో కొమ్మకి ఎగువన ఉన్నట్టు లెక్క. వినికిడి కూడా తగ్గి ఉంటే ఏడూ ఎనిమిదీ కలిసి నడిచే చోటును అనుమానించేవాళ్లు. రుచీ వినికిడీ బాగుండి ముఖం ఒక్కటే పడిపోతే, బయటి రంధ్రం దాటాక చెవి ముందున్న లాలాజల గ్రంథిని చూస్తారు. రోగి శరీరంలో ఈ లెక్క పుస్తకంలో ఉన్నంత కచ్చితంగా కుదరదు. నలిగిన నరంలో కొన్ని పోగులు పోయి కొన్ని మిగులుతాయి.

మరి నుదురు ఎందుకంత ముఖ్యం? నుదుటిని కదిలించే భాగానికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు వస్తాయి. పైన ఒకవైపు దెబ్బతగిలినా రెండోది ఆదుకుంటుంది, నుదురు ముడతలు పడుతుంది, మూతి ఒక్కటే వంకరపోతుంది. నరమే దెబ్బతింటే నుదురూ పోతుంది. అయితే మెదడు కాండంలో వచ్చే కొన్ని పక్షవాతాలు ఏడో నరం మూలాన్నే కొట్టి నుదుటినీ పడగొడతాయి. అప్పుడు పక్కనే ఉన్న ఆరో నరం కూడా దెబ్బతిని ఆ కన్ను బయటివైపుకి తిరగకపోవచ్చు. అందుకే డాక్టర్లు కన్ను కూడా తిప్పించి చూస్తారు.

ఆయనకి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. 72 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువ మేలు. కన్ను మూతపడదు కాబట్టి పగలు చుక్కలు, రాత్రి లేపనం వేసి కంటికి టేపు. చెవిలో పొక్కులు వచ్చాయేమో కూడా చూశారు, అవి ఉంటే వైరస్ మందు కూడా కావాలి. ఇలాంటివాళ్లలో ఎక్కువమంది కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో బాగవుతారు.

ఎవరికైనా మూతి వంకరపోతే నుదుటి పరీక్ష ఇంట్లో చేసి నిశ్చింతగా కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, అది నరమో మెదడో డాక్టరే తేల్చనివ్వండి.