ఇంటర్వ్యూలో పెళ్లి, పిల్లల ప్రస్తావన

“పెళ్లయిందా?” అని అభ్యర్థిని అడగవచ్చా? భారతదేశంలో ఈ ప్రశ్నను పేరుపెట్టి నిషేధించే సెక్షన్ లేదు. అయితే నియామకాల్లో లింగ వివక్షను 1976 నాటి సమాన వేతన చట్టం నిషేధించింది, 2019 వేతనాల కోడ్ కూడా అదే చెబుతుంది. స్త్రీలనే అడిగి పురుషులను వదిలేసే ప్రశ్న, తర్వాత వివక్షకు సాక్ష్యంగా నిలుస్తుంది. “పిల్లల్ని ఎవరు చూసుకుంటారు?” అన్నదీ అలాంటిదే; తండ్రులను సాధారణంగా ఎవరూ అడగరు.

గర్భం గురించి? ఎల్‌ఐసీ ఒకప్పుడు మహిళా అభ్యర్థుల డిక్లరేషన్ ఫారంలో చివరి నెలసరి తేదీ, గర్భస్రావాల వివరాలు కోరేది. ప్రొబేషన్‌లో ఉన్న నీరా మాథుర్ ప్రసూతి సెలవు తీసుకున్నాక, తప్పుడు వివరాలిచ్చారంటూ ఆమెను తొలగించింది. సుప్రీంకోర్టు 1991లో ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. అలాంటి వివరాలు చెప్పడానికి ఆత్మగౌరవం అడ్డువస్తుందని, ఆ కాలమ్‌లు తీసేయడం మేలని చెప్పింది. ప్రభుత్వ సంస్థ ఫారంలోనే చెల్లనిది మేనేజర్ నోట ఎలా చెల్లుతుంది?

మరి రాత్రి షిఫ్టు సంగతి? “ఈ ఉద్యోగంలో వారానికి రెండు రాత్రి షిఫ్టులు ఉంటాయి, చేయగలరా?” అని అడగవచ్చు, అభ్యర్థులందరినీ ఒకే మాటల్లో. అభ్యర్థే పిల్లల మాటెత్తితే దాన్ని పొడిగించకుండా, మార్కుల షీటులో రాయకుండా పని విషయానికి మళ్లాలి.