ఫంక్షన్ హోరు... పొరుగింటి మెయిల్

అపార్ట్‌మెంట్లో ఫంక్షన్ అయిన మర్నాడు పొరుగువారి నుంచి మెయిల్ వస్తే, జవాబు రాసే ముందు చూడాల్సింది పాటలు ఎన్నింటికి ఆగాయన్నది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు వంటి మూసి ఉన్న చోట్ల, లోపలివారికి వినిపించడానికి మాత్రమే మినహాయింపు ఉంది. పండుగలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా ఇచ్చే సడలింపు ఏడాదికి 15 రోజులకు మించదు, ఇంటి వేడుకకు అది వర్తించదు. అసోసియేషన్ సెక్రటరీ సరేనన్నంత మాత్రాన ఈ నియమం పోదు. కాబట్టి డాబా మీద పాటలు పది దాటి మోగితే, వాదనకు దిగడం వల్ల లాభం లేదు. పది లోపల ఎంత హోరైనా ఫరవాలేదనుకోవడమూ పొరపాటే. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. శనివారం సాయంత్రం డాబా మీద ఓణీల ఫంక్షన్, డీజే. పాటలు 10.50కి ఆగాయి. ఆదివారం పొద్దున్నే ఐదో అంతస్తు నుంచి మెయిల్ వచ్చింది, కమిటీకి కూడా కాపీ పెట్టారు. కిటికీలు మూసినా గోడలు అదిరాయని, అబ్బాయికి పరీక్షలని, వాచ్‌మన్‌తో చెప్పించినా ఎవరూ వినలేదని, తమ పార్కింగ్‌లో ఎవరిదో కారు పెట్టారని, పైన మద్యం తాగారని అందులో ఉంది.

గోడలు అదిరాయన్న మాట చదవగానే ఆ ఇంటివారికి అతిశయోక్తి అనిపిస్తుంది. అది నిజమే కావచ్చు. బేస్ బాక్సును నేరుగా స్లాబు మీద పెడితే ఆ అదురు కాంక్రీటులోంచి కింది ఇంట్లోకి దిగుతుంది. కిటికీలు మూస్తే సన్నని శబ్దాలు తగ్గుతాయి, దబదబ మాత్రం ఆగదు. పైన ఆడుతున్నవాళ్లకు ఇది తెలిసే అవకాశమే లేదు.

కోపంలో వెంటనే రాసే జవాబులో సాధారణంగా రెండు మాటలు దొర్లుతాయి. ఒకటి, ‘మీ ఇంట్లో ఫంక్షన్ అయినప్పుడు మేమేమైనా అన్నామా?’ రెండోది, ‘మీకు ఇబ్బంది అనిపించి ఉంటే సారీ.’ రెండోది మరీ చేటు. అందులో క్షమాపణ ఉన్నట్టే ఉండి, తప్పంతా విన్నవారి చెవులదే అన్నట్టు ధ్వనిస్తుంది. ముందు వాచ్‌మన్‌నీ డీజేనీ అడిగి జరిగింది తెలుసుకుని, ఆ రోజు సాయంత్రంలోగా రాయడం మేలు. ఈ కేసులో జవాబు ఇలా ఉండొచ్చు:

‘నమస్కారమండీ. నిన్న రాత్రి మా ఫంక్షన్ వల్ల మీ ఇంటిల్లిపాదికీ ఇబ్బంది అయింది. క్షమించండి. పదికి ఆపాల్సిన పాటలు 10.50 దాకా నడిచాయి. వాచ్‌మన్ వచ్చి డీజేతో చెప్పాడట, ఆ మాట మా దాకా రాలేదు. అయినా చూసుకోవాల్సింది మేమే. అబ్బాయి పరీక్షల సమయంలో ఇలా జరిగినందుకు బాధగా ఉంది. మీ పార్కింగ్‌లో పెట్టిన కారు మా బంధువులదే. మద్యం సంగతి మాత్రం నిజం కాదండీ, డాబా మీద ఎవరూ తాగలేదు. వచ్చే నెల మా ఇంట్లో ఇంకో చిన్న కార్యక్రమం ఉంది. అది కమ్యూనిటీ హాల్లో పెడుతున్నాం, డీజే లేదు. ఏదైనా ఇబ్బందైతే నేరుగా నాకే ఫోన్ చేయండి.’

ఈ జవాబులో ఒప్పుకోవాల్సినవి సమయంతో సహా ఒప్పుకున్నారు. కానిదాన్ని ఒక్క వాక్యంలో, గొంతు పెంచకుండా కాదన్నారు. దాన్ని నాలుగు వాక్యాలు సాగదీస్తే పైన చెప్పిన క్షమాపణ కొట్టుకుపోయేది. ‘ఇంకెప్పుడూ శబ్దం రాదు’ అని నిలబెట్టుకోలేని మాట ఇవ్వలేదు. రాబోయే తేదీ ముందే చెప్పడం వల్ల, ఆ రోజు చిన్న చప్పుడుకే మళ్లీ మెయిల్ వచ్చే అవకాశం తగ్గుతుంది.

ఫిర్యాదు కాపీ కమిటీకి వెళ్లింది కాబట్టి జవాబు కాపీ కూడా వారికి వెళ్లాలి. లేకపోతే రికార్డులో ఆరోపణ ఒక్కటే మిగులుతుంది. మద్యం ఆరోపణ ఉన్నప్పుడు ఇది మరీ అవసరం. అదే జవాబును అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకూడదు. అక్కడ రెండు ఇళ్ల సంగతి నలభై ఇళ్ల పంచాయతీ అవుతుంది. మెయిల్ పంపాక ఇంటికి వెళ్లి పలకరించడం, ఫంక్షన్ మిఠాయి ఇవ్వడం మంచిదే కానీ, రాతపూర్వక జవాబుకు అది బదులు కాదు.

పొరుగువారికి ఇంకా తృప్తి కలగకపోతే వారు పోలీసులను ఆశ్రయించవచ్చు. అప్పుడు కూడా తప్పు ఒప్పుకుంటూ అదే రోజు రాసిన ఈ ఉత్తరం, రాయకుండా ఊరుకోవడం కన్నా ఆ కుటుంబానికి ఎక్కువ అక్కరకొస్తుంది.