‘లైఫ్‌టైమ్ ఫ్రీ’ కార్డుకు వార్షిక రుసుము వేస్తే రాయాల్సిన లేఖ

లైఫ్‌టైమ్ ఫ్రీ అని చెప్పి ఇచ్చిన క్రెడిట్ కార్డుకు ఏడాదో రెండేళ్లో గడిచాక స్టేట్‌మెంట్‌లో ‘వార్షిక రుసుము’ కనిపించడం మన దేశంలో తరచూ వినే ఫిర్యాదే. రుసుము 999 రూపాయలైతే దానిపై 18 శాతం జీఎస్టీ 179.82 రూపాయలు మరో వరుసలో పడుతుంది. మొత్తం 1,178.82 రూపాయలు. లేఖలో అడగాల్సింది ఈ మొత్తమే, 999 కాదు. రుసుము వెనక్కి వేసి జీఎస్టీని అలాగే వదిలేసిన సందర్భాలు ఉంటాయి కనుక రెండు వరుసలనూ విడివిడిగా రాయాలి.

లేఖకు ముందు, ఇచ్చిన మాట అసలు ఏమిటో తేల్చుకోవాలి. చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి. ‘జాయినింగ్ ఫీజు లేదు’ అన్నా, ‘మొదటి ఏడాది ఉచితం’ అన్నా అది జీవితకాల ఉచితం కాదు. ఏజెంటు నోటిమాటగా చెప్పినదానికి బ్యాంకును ఒప్పించడం కష్టం. కార్డుతో పాటు వచ్చిన వెల్‌కమ్ లెటర్, దరఖాస్తు ప్రతి, ముఖ్య నిబంధనల పత్రం, బ్యాంకు పంపిన ఎస్ఎంఎస్ లేదా మెయిల్, ఆఫర్ కనిపించిన స్క్రీన్‌షాట్ లాంటివి అసలైన ఆధారాలు. ఏజెంటు వాట్సాప్‌లో రాసి ఉంటే అదీ జతచేయవచ్చు. మధ్యలో కార్డును ‘అప్‌గ్రేడ్’ చేసుకున్నారా అన్నది కూడా చూడాలి. కొత్త రకం కార్డుకు మారినప్పుడు పాత ఉచిత షరతు పోయే అవకాశం ఉంది.

ఆధారం చేతిలో ఉన్నప్పుడు ఆర్‌బీఐ నిబంధన బలంగా పనిచేస్తుంది. క్రెడిట్ కార్డుల జారీపై ఉన్న ఆదేశాల ప్రకారం, కార్డు ఇచ్చేటప్పుడు స్పష్టంగా చెప్పని, కస్టమరు ఒప్పుకోని చార్జీ వేయకూడదు. చార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు తెలపాలి. ఆ మార్పు అప్పటినుంచి ముందుకే వర్తించాలి. బిల్లుపై అభ్యంతరం చెబితే 30 రోజుల్లోగా వివరణ, అవసరమైతే పత్రాల ఆధారం ఇవ్వాలి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తే రుసుము మాఫీ చేస్తామన్న జవాబు రావచ్చు. ఇది ఉదారతలా కనిపిస్తుంది గాని, ఒప్పుకుంటే కార్డు రుసుము ఉన్నదేనని అంగీకరించినట్టవుతుంది. వచ్చే ఏడాది మళ్లీ అదే వరుస పడుతుంది. అందుకే లేఖలో ‘మాఫీ’ అన్న మాట రాకూడదు. పొరపాటుగా వేసిన చార్జీ రద్దు, రికార్డులో సవరణ కోరాలి. పోగైన రివార్డు పాయింట్లు ఇస్తామన్నా అదే జవాబు.

లేఖ ఒక పేజీ దాటనక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

“నా కార్డు చివరి నాలుగు అంకెలు ____. ____ తేదీ స్టేట్‌మెంట్‌లో వార్షిక రుసుముగా రూ.999, జీఎస్టీగా రూ.179.82 వేశారు. ____ తేదీన మీరు పంపిన వెల్‌కమ్ లెటర్‌లో ఈ కార్డుకు జీవితకాలం వార్షిక రుసుము లేదని ఉంది. ప్రతి జతచేశాను. షరతు మారినట్టు నాకు ముందస్తు నోటీసు రాలేదు. ఈ రెండు మొత్తాలను, వాటిపై వడ్డీ, ఆలస్య రుసుము ఉంటే వాటినీ రద్దు చేయాలి. కార్డు జీవితకాల ఉచితమని రికార్డులో సరిచేసి, ఆ విషయం రాతపూర్వకంగా తెలపాలి. చార్జీ సరైనదేనని భావిస్తే, నేను అంగీకరించినట్టు చూపే పత్రం పంపాలి.”

కార్డు పూర్తి నంబరు, సీవీవీ, ఓటీపీ లేఖలో ఎక్కడా రాయకూడదు. దీన్ని బ్యాంకు వెబ్‌సైట్‌లో ఇచ్చిన ఫిర్యాదు మెయిల్‌కు పంపి, ఫిర్యాదు నంబరు భద్రపరచాలి. జవాబు సంతృప్తికరంగా లేకపోతే అదే నంబరుతో నోడల్ అధికారికి రాయాలి.

ఈలోగా బిల్లు గడువు ఆగదు. మొత్తం కట్టకుండా రుసుము మేర ఆపితే ఆలస్య రుసుము, వడ్డీ పడే ప్రమాదం ఉంది. తక్కువ మొత్తమే గనుక, ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని మెయిల్‌లో రాసి కట్టేయడమే క్షేమం. గెలిస్తే ఆ డబ్బు కార్డు ఖాతాలో జమవుతుంది. కోపంతో వెంటనే కార్డు మూసేయమనడం కూడా తొందరపాటే. బకాయి ఉండగా కార్డు మూయరు, వివాదంలో ఉన్న రుసుమునే బకాయిగా చూపుతారు. ముందు దాన్ని రద్దు చేయించుకుని మూసివేత కోరితే, బ్యాంకు ఏడు పనిదినాల్లో పూర్తి చేయాలి. బకాయి లేకున్నా ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున కస్టమరుకు చెల్లించాలి.

ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. బ్యాంకుకు రాసిన లేఖ, ఆధారాలు, బ్యాంకు జవాబు అక్కడ జతచేయాలి. ముందుగా బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయకుండా నేరుగా వెళితే అంబుడ్స్‌మన్ దాన్ని స్వీకరించరు.