ఆప్షన్లు తెగిపోయిన ప్రశ్నకు జవాబు ఎంతవరకు చెప్పవచ్చు?

పోటీ పరీక్షల అభ్యర్థులు పాత ప్రశ్నపత్రాల్లోని ప్రశ్నలను కాపీ చేసి స్నేహితులకో, అధ్యాపకులకో పంపి జవాబు అడగడం పరిపాటి. అలా పంపిన ప్రశ్న చాలాసార్లు ‘కింది వాటిలో సరైనది ఏది?’ అన్న వాక్యంతోనే ఆగిపోతుంది. రెండు వరుసల్లో ముద్రించిన ఆప్షన్లు కాపీలో రాకపోవడమో, స్క్రీన్‌షాట్ అంచు దగ్గర తెగిపోవడమో ఇందుకు కారణం. అటువంటి ప్రశ్న ఎదురైనప్పుడు, ఆ ప్రశ్నలో ఆప్షన్లు చేస్తున్న పని ఏమిటో ముందుగా చూడాలి. కొన్నిటిలో అవి జవాబు గుర్తించే గళ్లు మాత్రమే. మరికొన్నిటిలో అవే ప్రశ్నలో సగం.

రాజ్యసభపై తరచూ కనిపించే తరహా ప్రశ్ననే తీసుకుందాం. ఒకటి, రాజ్యసభ రద్దు కాదు. రెండు, దాదాపు మూడింట ఒక వంతు సభ్యులు ప్రతి రెండేళ్లకు పదవీ విరమణ చేస్తారు. మూడు, ద్రవ్య బిల్లును రాజ్యసభ తిరస్కరించవచ్చు. వీటిలో సరైనవి ఏవి? ఇక్కడ ఆప్షన్లు పోయినా నష్టం స్వల్పమే. మొదటి రెండు వ్యాఖ్యలు రాజ్యాంగంలోని 83వ అధికరణం ప్రకారం సరైనవి. మూడోది తప్పు. 109వ అధికరణం ప్రకారం రాజ్యసభ ద్రవ్య బిల్లును సిఫారసులతో గానీ, అవి లేకుండా గానీ 14 రోజుల్లోగా తిప్పి పంపాలి; తిరస్కరించే అధికారం దానికి లేదు. కనుక ‘1, 2 మాత్రమే’ అని నిశ్చయంగా చెప్పవచ్చు.

అయితే అది A అవుతుందా, C అవుతుందా అన్నది మాత్రం చెప్పలేం. ప్రశ్న చివరి వాక్యం కూడా తెగిపోతే జవాబు రూపమే మారవచ్చు. యూపీఎస్సీ 2023 ప్రిలిమ్స్‌లో పలు ప్రశ్నలు ఏ వ్యాఖ్యలు సరైనవని కాక, ఎన్ని సరైనవని అడిగాయి. ఆ పద్ధతిలో పై ప్రశ్నకు జవాబు ‘రెండు మాత్రమే’ అవుతుంది. ఎవరో పంపిన ‘కీ’లో B అని ఉన్నంత మాత్రాన దానిని నమ్మడానికీ వీల్లేదు, బుక్‌లెట్ సిరీస్ మారితే ప్రశ్నల వరుస మారుతుంది. జేఈఈ మెయిన్ రెస్పాన్స్ షీట్లలో ప్రతి ఆప్షన్‌కూ ప్రత్యేక ఐడీ ఇవ్వడంలోని సౌలభ్యం ఇదే. అక్షరాన్ని కాక ఐడీని ‘కీ’తో సరిపోల్చుకోవచ్చు.

లెక్కల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. 150 మీటర్ల రైలు ఒక స్తంభాన్ని 9 సెకన్లలో దాటితే దాని వేగం గంటకు 60 కిలోమీటర్లు. దీనికి ఆప్షన్లతో పని లేదు. కానీ ‘12తోనూ 15తోనూ భాగిస్తే 5 శేషం వచ్చే సంఖ్య కింది వాటిలో ఏది?’ అన్న ప్రశ్న వేరు. 12, 15ల క.సా.గు. 60. కాబట్టి 65, 125, 185 ఇలా 60 చొప్పున పెరిగే సంఖ్యలన్నీ సరిపోతాయి. ‘కనిష్ఠ’ అన్న మాట లేనప్పుడు 65 అని తేల్చేయడం తొందరపాటే. సంఖ్యలోంచి 5 తీసివేసి, మిగిలినదాన్ని 60తో భాగించి చూడమని చెప్పడం వరకే సాధ్యం.

అన్నిటికన్నా చిక్కు ‘కానిది ఏది?’ అన్న ప్రశ్నలతోనే. ‘కింది వాటిలో గోదావరి ఉపనది కానిది ఏది?’ అని మాత్రమే పంపితే జవాబు లేదు. గోదావరి ఉపనది కాని నదులు దేశంలో లెక్కకు మించి ఉన్నాయి. అలవాటు కొద్దీ తుంగభద్ర అనేవారున్నారు. అది కృష్ణకు ఉపనది కనుక మాట నిజమే. కానీ ఆ పేరు ఆప్షన్లలో ఉందని ఎవరు చెప్పారు?

ఇక్కడ ఇవ్వగలిగింది సరిచూసుకునే జాబితా: మంజీర, మానేరు, ప్రవర, పూర్ణ, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. ఇవి ముఖ్యమైన ఉపనదులే తప్ప మొత్తం కాదు. ఇందులో లేని పేరు కనిపించగానే దానిని గుర్తించకూడదు. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా మారి గోదావరిలో చేరుతాయి. అంటే వార్ధా గోదావరి పరీవాహకంలోనిదే, కానీ నేరుగా కలవదు. ఆప్షన్లలో వార్ధాతో పాటు మూసీ కూడా ఉంటే జవాబు మూసీ, ఎందుకంటే అది కృష్ణలో కలుస్తుంది. వార్ధాతో పాటు ఉన్నవి మంజీర, శబరి, ఇంద్రావతి అయితే, నేరుగా కలవని వార్ధానే ప్రశ్నకర్త ఉద్దేశించి ఉండవచ్చు. ఒకే నది ఒకచోట ఉపనదిగా, మరోచోట కానిదిగా తేలడం పక్కనున్న పేర్లను బట్టే.

సగం ఆప్షన్లు మిగిలితే కొంత ముందుకు వెళ్లవచ్చు. A మంజీర, B ఇంద్రావతి అని కనిపించి, మిగతా రెండూ తెగిపోయాయనుకుందాం. రెండూ ఉపనదులే కాబట్టి వాటిని కొట్టివేయవచ్చు. జవాబు C లేదా D. అంతకుమించి తెలియాలంటే ఆ రెండు పేర్లు పంపమనాల్సిందే.