ఒక్క స్ప్రింక్లర్ తెరుచుకుంటే అన్నీ తెరుచుకుంటాయా? సీలింగ్‌లోని ఆ ఎర్ర గాజు గొట్టం అసలు పని ఇదీ!

సినిమాల్లో ఈ సీన్ చాలాసార్లు చూసే ఉంటారు. హీరో ఓ కుర్చీ ఎక్కుతాడు. సీలింగ్‌కు ఉన్న స్ప్రింక్లర్ కింద లైటర్ వెలిగిస్తాడు. అంతే, బిల్డింగ్ మొత్తం వాన కురిసినట్టు తడిసిపోతుంది. ఆ గందరగోళంలో హీరో తప్పించుకుంటాడు. చూడటానికి బాగానే ఉంటుంది కానీ, మామూలు ఆఫీసుల్లో, హోటళ్లలో, అపార్ట్‌మెంట్లలో ఉండే స్ప్రింక్లర్లు ఇలా పనిచేయవు. లైటర్ పెట్టిన ఆ ఒక్క స్ప్రింక్లర్ మాత్రమే తెరుచుకుంటుంది. పక్కనే మూడు మీటర్ల దూరంలో ఉన్నది కూడా కదలదు.

ఇది కేవలం సినిమా పొరపాటు అనుకుని వదిలేయడానికి లేదు. 'ఒకటి పేలితే అన్నీ పేలుతాయి, ఫర్నిచర్, కంప్యూటర్లు అన్నీ పాడవుతాయి' అన్న భయంతో కొన్నిచోట్ల స్ప్రింక్లర్ లైన్ వాల్వ్‌నే మూసేస్తుంటారు. నిజంగా మంటలు అంటుకున్న రోజున ఆ పైపులో నీళ్లు రావు.

స్ప్రింక్లర్ హెడ్‌లో ఏముంటుంది?

సీలింగ్ నుంచి కిందకు వేలాడే ఆ చిన్న ఇత్తడి పరికరాన్నే స్ప్రింక్లర్ హెడ్ అంటారు. దాని వెనుక ఉన్న పైపులో ఎప్పుడూ నీళ్లు ప్రెజర్‌తో నిండి ఉంటాయి. ఆ నీళ్లు బయటకు రాకుండా హెడ్ లోపల ఓ చిన్న మూత ఉంటుంది. ఆ మూత ఊడిపోకుండా దాన్ని నొక్కి పట్టుకునేదే మధ్యలో కనిపించే గాజు గొట్టం. దీన్నే గ్లాస్ బల్బ్ అంటారు. కింద చివరన పూల రేకుల్లా అంచులున్న చిన్న పళ్లెం ఉంటుంది. దాని పేరు డిఫ్లెక్టర్. మూత ఊడగానే నీటిధార దీనికి తగిలి గొడుగులా చుట్టూ చిమ్ముతుంది.

అంటే నీళ్లకు, గదికి మధ్య అడ్డుగా ఉన్నది ఆ గాజు ముక్క ఒక్కటే. దానికి కరెంటు కనెక్షన్ లేదు. వైర్ లేదు. కంప్యూటర్ నుంచి ఎలాంటి కమాండ్ రాదు. పక్క హెడ్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. అన్నీ ఒకేసారి తెరుచుకోలేకపోవడానికి అసలు కారణం ఇదే. ఏ హెడ్ గాజు పగిలితే ఆ హెడ్ నుంచే నీళ్లొస్తాయి.

గాజు ఎలా పగులుతుంది?

బల్బ్‌ను దగ్గరగా చూస్తే లోపల రంగు ద్రవం, అందులో ఓ చిన్న గాలి బుడగ కనిపిస్తాయి. వేడి తగిలినప్పుడు ద్రవం వ్యాకోచిస్తుంది. మొదట్లో ఆ బుడగ నలిగి, ద్రవానికి చోటిస్తుంది. వేడి పెరిగే కొద్దీ బుడగ చిన్నదవుతూ చివరకు మాయమవుతుంది. ఇక ద్రవానికి లోపల చోటు ఉండదు. ద్రవాన్ని గాలిలా నొక్కి కుదించలేం కాబట్టి, అక్కడి నుంచి ఇంకొంచెం వేడి పెరిగినా లోపల ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోతుంది. గాజు ముక్కలు ముక్కలుగా పగులుతుంది. వెనకున్న నీటి ప్రెజర్ మూతను నెట్టేస్తుంది.

ఎంత వేడికి పగలాలి అనేది బుడగ సైజు, ద్రవం ఆధారంగా ఫ్యాక్టరీలోనే ఫిక్స్ చేస్తారు. ఆ టెంపరేచర్‌ను రంగుతో గుర్తుపట్టొచ్చు. ఆరెంజ్ అయితే 57 డిగ్రీల సెల్సియస్, ఎరుపు 68, పసుపు 79, ఆకుపచ్చ 93, నీలం 141 డిగ్రీలు. మన ఆఫీసుల్లో, మాల్స్‌లో ఎక్కువగా కనిపించేది ఎరుపు.

ఏ రంగు ఎక్కడ పెట్టాలన్నదానికి ఓ లెక్క ఉంది. ఆ సీలింగ్ దగ్గర మామూలు రోజుల్లో ఉండే గరిష్ఠ వేడి కంటే బల్బ్ రేటింగ్ సుమారు 30 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఏసీ ఆఫీసుకు ఎరుపు సరిపోతుంది. కానీ మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో రేకుల షెడ్ గోడౌన్ తీసుకుంటే, బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు రేకు కింద గాలి అంతకంటే బాగా వేడెక్కుతుంది. అక్కడ ఎరుపు బల్బ్ పెడితే మంట లేకుండానే పగిలే రిస్క్ ఉంటుంది. అలాంటి చోట్ల, స్టవ్‌లకు దగ్గరగా ఉండే కిచెన్ల సీలింగ్‌కు పసుపు లేదా ఆకుపచ్చ వాడతారు.

పొగకు, అలారం బటన్‌కు తెరుచుకోదు

ఇంకో అపోహ కూడా ఉంది. సిగరెట్ పొగకో, తాలింపు ఘాటుకో స్ప్రింక్లర్ ఆన్ అవుతుందని చాలామంది అనుకుంటారు. పొగను పసిగట్టేది స్మోక్ డిటెక్టర్. అది వేరే పరికరం. అది మోగించేది అలారం మాత్రమే. గోడకు ఉండే ఎర్ర బాక్సు అద్దం పగలగొట్టినా మోగేది అలారమే, సీలింగ్ నుంచి నీళ్లు రావు. గాజు బల్బ్‌కు తెలిసింది వేడి ఒక్కటే.

ఓ హోటల్ గదిలో మంటలు వస్తే?

ఉదాహరణకు ఓ హోటల్ మూడో ఫ్లోర్ గదిలో పరుపుకు నిప్పంటుకుంది అనుకుందాం. వేడి గాలి, పొగ నేరుగా పైకి లేస్తాయి. సీలింగ్‌కు తగిలాక అక్కడి నుంచి నలువైపులా పాకుతాయి. మంటకు సరిగ్గా పైన వేడి ఎక్కువ. దూరం వెళ్లే కొద్దీ చుట్టూ ఉన్న గాలి కలిసి చల్లబడుతుంది.

గదిలోని హెడ్ చుట్టూ గాలి 68 డిగ్రీలు దాటిన క్షణంలోనే బల్బ్ పగలదు. లోపలి ద్రవం కూడా ఆ వేడికి చేరాలి. దానికి కొంత టైమ్ పడుతుంది. అందుకే మనుషులు ఉండే చోట్ల సన్నటి బల్బ్‌లు వాడతారు. మామూలు బల్బ్ మందం 5 మిల్లీమీటర్లయితే, త్వరగా స్పందించేవి 3 మిల్లీమీటర్లే ఉంటాయి. గాజు సన్నగా ఉండి, ద్రవం తక్కువగా ఉంటే త్వరగా వేడెక్కుతుంది.

బల్బ్ పగిలింది. ముందుగా నల్లటి, వాసనతో కూడిన నీళ్లు వస్తాయి. నెలల తరబడి ఇనుప పైపులో నిలవ ఉన్న నీళ్లు మరి. తర్వాత తేరుకుంటాయి. ఆ నీళ్లు పరుపును తడపడంతో పాటు సీలింగ్ కింద ఉన్న వేడి గాలిని కూడా చల్లబరుస్తాయి. ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ వేడి కారిడార్‌కు, పక్క గదులకు చేరేలోపే తగ్గిపోతే అక్కడి బల్బ్‌లు పగలాల్సిన అవసరమే రాదు. ఒకవేళ మంట అదుపులోకి రాక ఇంకా పెరిగితే, అప్పుడు రెండోది, మూడోది తెరుచుకుంటాయి. అమెరికాలో నమోదైన అగ్నిప్రమాదాల లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. స్ప్రింక్లర్లు పనిచేసిన ఘటనల్లో నాలుగింట మూడొంతులకు పైగా ఒక్క హెడ్‌తోనే సరిపోయింది.

నీళ్లు పారడం మొదలవగానే పైపులో ప్రెజర్ పడిపోతుంది. దాంతో పంపులు ఆటోమేటిక్‌గా స్టార్ట్ అవుతాయి. పైపులోని ఫ్లో స్విచ్ అలారం మోగిస్తుంది. అంటే స్ప్రింక్లరే అలారంను మోగిస్తుంది, అలారం స్ప్రింక్లర్‌ను తెరవదు.

ఎన్ని నీళ్లు వస్తాయి?

మామూలు సైజు హెడ్ నుంచి 1 బార్ ప్రెజర్ దగ్గర నిమిషానికి సుమారు 80 లీటర్లు వస్తాయి. పది నిమిషాల్లో 800 లీటర్లు. ఆ గది తడుస్తుంది, నిజమే. కానీ అదే గది పూర్తిగా అంటుకున్నాక ఫైర్ ఇంజిన్ వస్తే, ఒక్క హోస్ పైపు నుంచే నిమిషానికి కొన్ని వందల లీటర్లు కొడతారు. అప్పటికి పక్క గదులు కూడా కాలిపోయి ఉంటాయి.

అసలు అన్నీ ఒకేసారి తెరుచుకునేలా వీటిని డిజైనే చేయరు. 1,200 చదరపు మీటర్ల ఫ్లోర్‌లో, ఒక్కో హెడ్‌కు 12 చదరపు మీటర్ల చొప్పున 100 హెడ్‌లు ఉంటాయి. కానీ పంపు, ట్యాంక్ సైజు లెక్కించేటప్పుడు ఆఫీసు, షాపు తరహా భవనాల్లో సుమారు 140 చదరపు మీటర్లలోని, అంటే డజను హెడ్‌లు తెరుచుకుంటాయన్న అంచనాతోనే లెక్కేస్తారు. వందా ఒకేసారి తెరుచుకుంటే ఏ ఒక్కదానికీ సరిపడా ప్రెజర్ రాదు.

మరి అన్నీ ఒకేసారి తెరుచుకునేవి లేవా?

ఉన్నాయి. వాటిని డెల్యూజ్ సిస్టమ్ అంటారు. సబ్‌స్టేషన్లలోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, విమానాల హ్యాంగర్ల లాంటి చోట్ల మంట క్షణాల్లో వ్యాపిస్తుంది. అక్కడి హెడ్‌లకు గాజు బల్బ్ ఉండదు, నోరు తెరిచే ఉంటాయి. పైపుల్లో నీళ్లు ఉండవు. విడిగా పెట్టిన డిటెక్టర్ వేడిని గుర్తించగానే మెయిన్ వాల్వ్ తెరుచుకుని అన్నింటి నుంచి నీళ్లొస్తాయి. సినిమాల్లో చూపించేది దాదాపు ఇదే. కాకపోతే దాన్ని ఆఫీసు సీలింగ్‌కు తగిలిస్తారు. తేడా కనిపెట్టడం తేలిక. హెడ్ మధ్యలో రంగు గాజు ఉంటే అది ఒంటరిగా తెరుచుకునే రకం.

ఎక్కడ తేడా కొడుతుంది?

ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పెయింట్. గోడలకు, సీలింగ్‌కు రంగులు వేసేటప్పుడు హెడ్ మీద కూడా బ్రష్ లాగించేస్తారు. ఆ పూత వేడిని ఆలస్యం చేస్తుంది, మూతను అంటించేస్తుంది. పెయింట్ పడిన హెడ్‌ను గీకి శుభ్రం చేయకూడదు, మార్చేయాల్సిందే. కొత్త అపార్ట్‌మెంట్లలో హెడ్ కనిపించకుండా గుండ్రటి ప్లేట్ వెనుక దాస్తారు. వేడికి అతుకు కరిగి ఆ ప్లేట్ ముందు ఊడిపడాలి. దాని అంచులను పుట్టీతో మూసేస్తే అది ఊడదు.

రెండోది అడ్డంకులు. గోడౌన్‌లో అట్టపెట్టెలు సీలింగ్ దాకా పేర్చితే నీళ్ల గొడుగు విప్పుకోదు. డిఫ్లెక్టర్ కింద కనీసం 45 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. హోటల్ గదుల్లో గోడకు ఉన్న హెడ్‌కు బట్టల హ్యాంగర్ తగిలించడం ఇంకో ప్రమాదం. ఆ బరువుకు, కుదుపుకు గాజు పగిలితే మంట లేకుండానే గది తడుస్తుంది. అప్పుడు కూడా ఆ ఒక్క గదే.

బల్బ్‌లో ద్రవం రంగు పోయినా, ద్రవం కారిపోయి ఖాళీగా కనిపించినా, గాజుపై పగులు ఉన్నా ఆ హెడ్‌ను నమ్మలేం. ఇది కింద నిలబడి చూసినా తెలిసిపోతుంది.

పనిచేసిన తర్వాత ఆగదు

గాజు ఒకసారి పగిలాక మళ్లీ మూసుకోదు. మంట ఆరినా నీళ్లు వస్తూనే ఉంటాయి. ఆ ఫ్లోర్ వాల్వ్ మూస్తేనే ఆగుతాయి. నీటి నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే. వాల్వ్ ఎక్కడుందో సెక్యూరిటీ గార్డుకు తెలియక అరగంట వెతికితే, 80 లీటర్ల లెక్కన 2,400 లీటర్లు వృథాగా పోతాయి. అయితే మంట పూర్తిగా ఆరిందని ఫైర్ సిబ్బంది చెప్పేదాకా వాల్వ్ ముట్టుకోకూడదు. తర్వాత అదే రేటింగ్, అదే రకం కొత్త హెడ్ బిగించి, వాల్వ్ మళ్లీ తెరవాలి. ఈ చివరి పని మర్చిపోతే, ఆ ఫ్లోర్‌లో స్ప్రింక్లర్లు ఉన్నా లేనట్టే.